నీళ్లు వస్తూనే ఉంటాయి, టబ్ మాత్రం నిండదు: ముందు డ్రైన్ పైపు చూడండి

వాషింగ్ మెషీన్ ఆన్ చేశారు. నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. పది నిమిషాలైనా డ్రమ్ తిరగదు. మూత తీసి చూస్తే, లేదా తలుపు అద్దంలోంచి చూస్తే, అడుగున కాసిని నీళ్లే ఉంటాయి. చివరికి స్క్రీన్ మీద IE అనో 4C అనో వచ్చి మెషీన్ ఆగిపోతుంది.

ఆ కోడ్ చెప్పేది "నీళ్లు సరిపడా అందలేదు" అని. దాంతో అందరూ ఒకటే వరస. ట్యాప్ చూస్తారు, ఇన్‌లెట్ దగ్గరి జాలీ విప్పి కడుగుతారు, అదీ కాకపోతే ఇన్‌లెట్ వాల్వ్ కొత్తది కొంటారు. నీళ్లు అసలు రాలేదా, వచ్చి వెళ్లిపోయాయా అన్నది మెషీన్‌కు తెలియదు. టబ్‌లో లెవెల్ చేరలేదని మాత్రమే దానికి తెలుసు. కాబట్టి వాల్వ్ కొనేముందు మెషీన్ వెనక్కి వంగి, డ్రైన్ పైపు ఎక్కడ ఉందో ఒక్కసారి చూడండి. నేను వెళ్లిన చోటల్లా ఈ ఒక్క పనే ఎవరూ చేసి ఉండరు.

ముందు ఈ పరీక్ష

నీళ్లు పట్టడం మొదలయ్యాక రెండు మూడు నిమిషాలు ఆగి, గోడ దగ్గర స్విచ్ ఆపేసి ప్లగ్ తీసేయండి. ఇప్పుడు డ్రైన్ పైపు కొస దగ్గర చెవి పెట్టండి. కరెంటు లేకపోతే ఇన్‌లెట్ వాల్వ్ మూసుకుంటుంది, పంపు తిరగదు. అయినా పైపులోంచి నీళ్లు పోతూనే ఉంటే అది సైఫన్. డబ్బాలోంచి పెట్రోలు తీయడానికి పైపు పెట్టి నోటితో ఒక్కసారి పీల్చి వదిలేస్తే, ఇక మన ప్రమేయం లేకుండా డబ్బా ఖాళీ అయ్యేదాకా పడుతూనే ఉంటుంది చూశారా, ఇక్కడ జరిగేదీ అదే. మీ బదులు పీల్చిపెట్టింది పంపు.

నమ్మకం కుదరకపోతే పైపు కొసను పట్టుకుని మెషీన్ పైభాగం కన్నా ఎత్తుకు లేపండి. ధార వెంటనే ఆగిపోవాలి. అలాగే పట్టుకుని మళ్లీ నీళ్లు పట్టించండి. ఈసారి టబ్ మామూలుగా నిండి డ్రమ్ తిరిగితే వెతుకులాట అయిపోయినట్టే.

ఒక్క హెచ్చరిక. ఇదంతా పంపుతో నీళ్లు బయటికి నెట్టే మెషీన్ల సంగతి. ఫ్రంట్ లోడ్‌వి దాదాపు అన్నీ ఇలాంటివే. టాప్ లోడ్‌లో చాలా వాటికి పంపు ఉండదు. అడుగున ఒక వాల్వ్ తెరుచుకుంటుంది, నీళ్లు వాటంతట అవే కిందికి జారిపోతాయి. వాటి పైపు నేల మీదే పడి ఉండాలి, ఎత్తకూడదు. ఎత్తితే టబ్ ఖాళీ కాదు. నీళ్లు పోయేటప్పుడు పంపు గుర్రుమనే మోత లేకుండా ఒక్కసారిగా బుడబుడమని పడితే మీది ఆ రకం. అందులో నింపుతుండగానే నీళ్లు పోతున్నాయంటే వాల్వ్ రబ్బరు కింద దారమో, గుండీయో, చిల్లర పైసో ఇరుక్కుని ఉంటుంది. విప్పి శుభ్రం చేస్తే సరి. ఇక మిగతాది పంపు ఉన్న మెషీన్ల వాళ్లకే.

మామూలు కారణం: పైపు కిందికి జారడం

పంపు దగ్గర నీళ్లను పూర్తిగా ఆపే తలుపు ఏదీ ఉండదు. నీళ్లను టబ్‌లో నిలిపేది పైపు ఎత్తు ఒక్కటే. ఖాళీ పైపు ఒక చోట టబ్‌లోని నీటిమట్టం కన్నా పైకి ఎక్కి ఉన్నంతసేపు నీళ్లు ఆ మలుపు దాటవు. అది కిందికి జారిందా, నింపిన నీళ్లు నింపినట్టే పోతాయి.

మెషీన్ వెనక పైభాగంలో ఒక క్లిప్ ఉంటుంది. ఫ్యాక్టరీలో పైపును అక్కడ తగిలించి పంపుతారు, ఆ ఎత్తు కోసమే. బిగించడానికి వచ్చినవాళ్లు పైపు పొడవు చాలక క్లిప్‌లోంచి లాగేసి, నేల మీద ఉన్న జాలీలో కొస పడేసి వెళ్లిపోతారు. మెషీన్ జరిపి ఊడ్చినప్పుడు కూడా పైపు ఊడిపోతుంది. మొన్నటిదాకా బాగానే ఉంది, ఇల్లు సర్దాక పాడైంది అని ఎవరైనా అంటే నేను స్క్రూడ్రైవర్ కూడా తీయను.

పైపులోని ఎత్తైన మలుపు నేల నుంచి 60 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 100 దాటకూడదు. చాలా మెషీన్లకు ఇది సరిపోతుంది, మీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పట్టుకోండి. పైపుతోపాటు వచ్చే U ఆకారపు ప్లాస్టిక్ హుక్ పారేయకుండా ఉంటే దాన్ని తొడిగి, కేబుల్ టైతో గోడ పైపుకో ట్యాప్‌కో కట్టేయండి. ఊరికే తగిలిస్తే చాలదు, స్పిన్ అదురుకు రెండు వారాల్లో మళ్లీ జారుతుంది. మరీ ఎత్తుకు కట్టినా ఇబ్బందే. పంపు అంత ఎత్తుకు నెట్టలేక, నీళ్లు బయటికి పోవట్లేదని చెప్పే OE, 5C లాంటి కోడ్‌లు మొదలవుతాయి.

నన్ను ముంచిన కారణం: ఎత్తు సరిగ్గానే ఉంది, గాలి మాత్రం లేదు

ఒక ఇంట్లో ఫ్రంట్ లోడ్ మెషీన్. ఫిర్యాదు ఇదే, నీళ్లు నిండట్లేదు. వెనక చూశాను. పైపు గోడలోని నిలువు డ్రైన్ పైపులోకి చక్కగా వంగి వెళ్తోంది. టేపు పెట్టి కొలిచాను, మలుపు దగ్గర 80 సెంటీమీటర్లు. సైఫన్ కాదని తేల్చేశాను. జాలీ శుభ్రం చేశాను, ఇన్‌లెట్ వాల్వ్ మార్చాను. ఒక ట్రయల్ వేస్తే వాష్‌కు నీళ్లు భేషుగ్గా పట్టింది. చేతులు కడుక్కుని వచ్చేశాను. సాయంత్రం ఫోన్: "అన్నా, మళ్లీ అదే ఎర్రర్."

రెండోసారి వెళ్లి మొత్తం సైకిల్ అయ్యేదాకా స్టూలు వేసుకుని కూర్చున్నాను. మొదటిసారి నీళ్లు నిండాయి. ఉతికింది, నీళ్లు పారబోసింది. అసలు తమాషా అప్పుడు మొదలైంది. జాడించడానికి నీళ్లు పడుతుంటే అద్దంలో మట్టం పైకి లేవడం లేదు. పంపు మోత లేదు. గోడ లోపలి నుంచి సన్నగా జలజలమని చప్పుడు. ప్లగ్ పీకాను. చప్పుడు ఆగలేదు.

పైపు బయటికి లాగబోతే రాలేదు. గోడ పైపు మూతి చుట్టూ వాసన రాకూడదని ఎవరో నల్ల టేపు గట్టిగా చుట్టారు. టేపు కోసి లాగితే అర మీటరు పైగా పైపు లోపలి నుంచి వచ్చింది. మలుపు 80లో ఉన్న మాట నిజమే, కానీ నీళ్లు పడే కొస నేల మట్టానికి దగ్గరలో ఉంది.

నేను తప్పింది ఇక్కడే. సైఫన్‌కు మలుపు ఎంత ఎత్తులో ఉందన్నది కాదు లెక్క. పైపు నిండా నీళ్లు ఉండి, బయటి కొస టబ్‌లోని నీటికన్నా కింద ఉంటే, మలుపు పైనున్నా నీళ్లు దాన్ని ఎక్కి దిగిపోతాయి. మొదటిసారి నింపేటప్పుడు పైపు ఖాళీ కాబట్టి ఎత్తు కాపాడుతుంది. పంపు ఒకసారి తిరిగాక పైపు నిండిపోతుంది. మామూలుగా అయితే పంపు ఆగగానే వదులుగా ఉన్న మూతిలోంచి గాలి దూరి ఆ ధారను తెంపేస్తుంది. పైపును లోతుగా దూర్చి, పైన టేపు చుట్టేస్తే గాలికి దారి ఉండదు, ధార తెగదు. ఆ లోపు మెషీన్ జాడింపుకు నీళ్లు వదులుతుంది, అవీ దాని వెంటే పోతాయి.

ఎంత పోతాయంటే, ఆ ఇంట్లో ట్యాప్ నిమిషానికి 8 లీటర్లు ఇస్తోంది, బకెట్ పెట్టి చూశాను. రెండు సెంటీమీటర్ల లోపలి వెడల్పు ఉన్న పైపు, కొస నేల దగ్గర ఉంటే, అంతకన్నా తేలిగ్గా లాగేస్తుంది. ఇక టబ్ నిండే ప్రశ్నే లేదు.

అందుకే నేనిప్పుడు ఫోన్‌లోనే అడిగే ప్రశ్న: మొదటిసారే నిండట్లేదా, జాడింపు దగ్గర నిండట్లేదా? మొదటిసారే అయితే పైపు జారి ఉంటుంది. వాష్ బాగానే జరిగి జాడింపులో మొరాయిస్తే గోడ పైపు మూతి దగ్గరికి వెళ్లండి.

చేయాల్సింది ఇంతే. టేపు, సిమెంటు, గుడ్డ పీలికలు, ఏది కుక్కి ఉన్నా తీసేయండి. పైపు కొస గోడ పైపులోకి 10, 12 సెంటీమీటర్లకు మించి దిగకూడదు. దాని మీద టేపు ముక్కతో గుర్తు పెట్టుకుంటే తర్వాత ఎవరూ లోపలికి తోయరు. గోడ పైపు డ్రైన్ పైపుకన్నా స్పష్టంగా వెడల్పు ఉండాలి, చుట్టూ సందు కనిపించాలి. వాసన వస్తోందంటే దాన్ని ఆపాల్సింది గోడ పైపు కింద ఉండే నీటి ట్రాప్, మూతికి చుట్టిన టేపు కాదు. ట్రాప్ లేకపోతే ప్లంబర్‌తో పెట్టించండి.

నేల జాలీ తప్ప వేరే డ్రైన్ లేనివాళ్లకు కూడా ఇదే చిక్కు. పైపును పైకి కట్టి మళ్లీ నేలదాకా దించితే ఎత్తు ఉన్నట్టే కనిపిస్తుంది, కొస మాత్రం కిందే ఉంటుంది. అలాంటి చోట జాలీ మీద 60, 70 సెంటీమీటర్ల ఎత్తున వెడల్పాటి ప్లాస్టిక్ పైపు ఒకటి నిలబెట్టి గోడకు క్లాంపు వేయించండి. డ్రైన్ పైపు కొసను దాని పైమూతిలో తగిలించండి. గోడ డ్రైన్ చేసే పనే అదీ చేస్తుంది. అది వీలుకాకపోతే మలుపు దగ్గర గాలి లోపలికి పీల్చే యాంటీ సైఫన్ కనెక్టర్ దొరుకుతుంది, కానీ దాని రంధ్రంలో నురగ, పీచు చేరితే మళ్లీ మొదటికొస్తుంది. నాకైతే నిలబెట్టిన పైపే నమ్మకం.

అరుదైనవి

ప్లగ్ తీయగానే నీళ్లు పోవడం ఆగిపోయి, పెట్టగానే మళ్లీ పోతుంటే పంపు తిరుగుతోందన్నమాట. అది బోర్డు లేదా లెవెల్ సెన్సర్ సంగతి, మెకానిక్ పని. పైపు ఎత్తి పట్టుకున్నా, చుక్క బయటికి రాకపోయినా మట్టం లేవకపోతే అప్పుడు ట్యాప్ ఒత్తిడి, ఇన్‌లెట్ జాలీ, వాల్వ్ చూడండి. మెషీన్ కింద నేల తడిస్తే అది లీకు, దీనికీ దానికీ సంబంధం లేదు.

అంతా సరిచేశాక ఒక్క వాష్‌తో ఆపకండి. జాడింపు మొదలయ్యాక నీళ్లు పట్టడం పూర్తవగానే పాజ్ చేసి, అద్దం మీద నీటిమట్టం దగ్గర టేపు ముక్క అంటించి పది నిమిషాలు వదిలేయండి. మట్టం టేపు దగ్గరే ఉంటే పని అయినట్టు. బట్టలు నీళ్లు పీల్చుకుంటే అరంగుళం దిగినట్టు కనిపిస్తుంది, ఆ అయోమయం లేకుండా ఈ ఒక్కసారికి ఖాళీ డ్రమ్‌తో చేయండి.