అకౌంటెంట్ల కోసం టీజర్ తీస్తున్నారా? 2బీ దగ్గర జాగ్రత్త

తిరుపతి, చిత్తూరు అకౌంటెంట్లకు జీఎస్టీ సాఫ్ట్‌వేర్ చూపించాలనుకుంటే టీజర్ స్క్రిప్ట్‌లో ఒక్క నొప్పినే పట్టుకోండి: పర్చేజ్ రిజిస్టర్‌ని 2బీతో, అంటే సప్లయర్లు జీఎస్టీ పోర్టల్‌లో ఎక్కించిన బిల్లుల జాబితాతో, టాలీ చేయడం. ఇన్వాయిసింగ్, పేరోల్, డ్యాష్‌బోర్డ్ అన్నీ నలభై సెకన్లలో కుక్కితే ఏదీ గుర్తుండదు.

నెల నెలా 14న 2బీ వస్తుంది, 20లోపు పన్ను కట్టే రిటర్న్ 3బీ వేయాలి, మధ్యలో ఉన్న ఆ కొద్ది రోజుల టెన్షనే మీ కథ. చిత్తూరులో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అనుకుందాం. జూలైలో చెన్నై నుంచి డ్రమ్ములు కొన్నారు, విలువ లక్ష, ఐజీఎస్టీ 18,000. రిజిస్టర్‌లో బిల్లు నంబర్ KPD/0412/25-26 అని ఉంది, సప్లయర్ మాత్రం సున్నా వదిలేసి KPD/412/25-26 అని ఎక్కించాడు. ఎక్సెల్‌లో VLOOKUP కొడితే #N/A వస్తుంది. ఆ #N/Aని రెండు సెకన్లు తెర నిండా కదలకుండా ఉంచండి, వాయిస్ ఓవర్ వద్దు, చూసేవాళ్లకి అది చాలు.

అసలు ప్రమాదం ఆ తర్వాత ఉంది. అదే ఫ్యాక్టరీకి ఇంకో బిల్లు 2బీలో అసలు లేదు, ఎందుకంటే ఆ సప్లయర్ మూడు నెలలకోసారి రిటర్న్ వేసేవాడు, అలాంటివాళ్లు మధ్య నెలల్లో బిల్లులు ఎక్కించడానికి ఉండే ఐఎఫ్‌ఎఫ్‌లో ఆగస్టు 13లోపు జూలై బిల్లు పెట్టలేదు. ఆగస్టు ఐఎఫ్‌ఎఫ్‌లో కూడా పెట్టకపోతే అది అక్టోబర్ 14న వచ్చే 2బీలోనే కనిపిస్తుంది, అదీ అతను సమయానికి రిటర్న్ వేస్తేనే. 2బీలో లేని బిల్లు మీద కట్టిన పన్నుకి క్రెడిట్ తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తెచ్చిపెట్టలేదు. అందుకే "ఇక ఒక్క రూపాయి క్రెడిట్ కూడా పోదు" అని రాయకండి, ఆ లైన్ వినగానే సీనియర్ అకౌంటెంట్ మిమ్మల్ని నమ్మడం మానేస్తాడు. మీ టూల్ నిజంగా చేసేది చూపించండి: నంబర్ తేడా ఉన్నవి ఒకవైపు, సప్లయర్ ఎక్కించనివి ఇంకోవైపు, రెండోవాటి కోసం "సార్, మా జూలై బిల్లు మీ రిటర్న్‌లో రాలేదు, కొంచెం చూడండి" అనే వాట్సాప్ మెసేజ్ రెడీగా. ఇంతకన్నా ఎక్కువ చెప్పక్కర్లేదు.

డెమోలో క్లయింట్ల అసలు డేటా పెట్టొద్దు. జీఎస్టీఐఎన్‌లో మూడో అక్షరం నుంచి పన్నెండో అక్షరం వరకు ఉండేది పాన్ నంబరే, బ్లర్ చేశాం కదా అనుకున్నా ఒక ఫ్రేమ్‌లో బయటపడొచ్చు, కాబట్టి కల్పిత నంబర్లే వాడండి. వాటిలోనూ ఆంధ్రకి 37, తమిళనాడుకి 33 అని మొదలవ్వాలి. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన చెన్నై బిల్లు పక్కన ఐజీఎస్టీ కాకుండా సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ కనిపించాయంటే చూసేవాడు అక్కడే ఆపేస్తాడు (ఇది డిజైనర్లు చాలా సులువుగా చేసే తప్పు).

విడుదల 14 నుంచి 20 మధ్య పెట్టకండి, ఆ వారం ఎవరికీ ఫోన్ చూసే తీరిక ఉండదు. 21 తర్వాత వదలండి, అప్పుడు ఆ నొప్పి ఇంకా తాజాగానే ఉంటుంది, డెమో బుక్ చేసుకోవడానికి టైమూ ఉంటుంది.