కృత్రిమ కీలు ఇన్ఫెక్షన్ – 6వ పాఠం: రిఫాంపిసిన్ ఏ రోజు మొదలుపెట్టాలి, మందులు ఎన్నాళ్లు వాడాలి

కిందటి పాఠం అభ్యాసంలో, కృత్రిమ మోకాలికి ఇన్ఫెక్షన్ వచ్చి కీలు కడిగిన ఒక రోగికి రిఫాంపిసిన్ ఎప్పుడు మొదలుపెడతారని అడిగాను. వచ్చిన జవాబుల్లో ఎక్కువ మంది ఒకేచోట కాలుజారారు. శస్త్రచికిత్స జరిగిన సాయంత్రమే రిఫాంపిసిన్ రాసేశారు. ఇంప్లాంట్ మీద పేరుకున్న బయోఫిల్మ్‌ను ఛేదించే మందు కాబట్టి ముందే ఇవ్వాలన్నది మీ వాదన. కొత్త విషయాలు ఈ వారం తక్కువే చెబుతాను, ముందు ఈ పొరపాటు సంగతి తేల్చాలి.

స్టెఫిలోకాకస్‌లో rpoB అనే జన్యువులో ఒక్క మార్పు వచ్చినా రిఫాంపిసిన్ పనిచేయదు. లెక్క తేలిగ్గా ఉండటానికి కోటి బ్యాక్టీరియాల్లో ఒకదానికి ఆ మార్పు ఉందనుకుందాం. చీముతో నిండిన కీలులో పది కోట్లు ఉంటే, మొదటి మాత్ర పడకముందే రిఫాంపిసిన్‌కు లొంగనివి పది సిద్ధంగా ఉన్నట్టే. ఒంటరిగా ఇస్తే మిగిలేవి ఆ పదే. అవే పెరిగి కీలంతా నిండుతాయి. అందుకే తోడు మందు తప్పనిసరి. ఆ బ్యాక్టీరియా మీద తోడు మందు నిజంగా పనిచేస్తుందని కల్చర్ నివేదిక చూపాలి. ముందు శస్త్రవైద్యుడు కడిగి చీమును తీసేస్తే సంఖ్య పడిపోతుంది. ఆ తర్వాతే రిఫాంపిసిన్ వంతు.

లొంగని బ్యాక్టీరియా కీలులోకి చేరే ఇంకో దారి చాలామందికి తట్టలేదు. గాయం ఇంకా స్రవిస్తుంటే అది తెరిచిన తలుపే. రిఫాంపిసిన్ వల్ల చర్మం మీది స్టెఫిలోకాకస్‌లలో లొంగనివే మిగులుతాయి, అవి ఆ తలుపు గుండా లోపలికి వస్తాయి. కాబట్టి గాయం ఆరాలి, డ్రెయిన్లు తీసేసి ఉండాలి, రక్తంలో బ్యాక్టీరియా లేదని తేలాలి. ఈ మూడూ అయ్యేదాకా నేను రిఫాంపిసిన్ పేరు మందుల చీటీలో కూడా రాయను. రాసి ఉంటే ఎవరో ఒకరు ఇచ్చేస్తారు.

ఇప్పుడు ఆ రోగి విషయానికి వద్దాం. ఆమెకు 66 ఏళ్లు, మోకాలి మార్పిడి అయిన 19వ రోజున వాపు, స్రావం మొదలయ్యాయి. 21వ రోజున కీలు తెరిచారు. ఇంప్లాంట్ కదలకుండా ఉంది, చుట్టూ కండ, చర్మం బాగున్నాయి, లక్షణాలు మొదలై మూడు రోజులే. లోహాన్ని అలాగే ఉంచి, కడిగి, మధ్యనున్న పాలీఇథిలీన్ భాగాన్ని మార్చారు. ఐదు నమూనాల్లోనూ మెథిసిలిన్‌కు లొంగే స్టెఫిలోకాకస్ ఆరియస్ పెరిగింది. రిఫాంపిసిన్‌కూ లెవోఫ్లాక్సాసిన్‌కూ అది లొంగుతుంది. వెంటనే సిరలోకి సెఫజోలిన్ 2 గ్రాములు, 8 గంటలకొకసారి మొదలైంది. కడిగిన రెండో రోజున డ్రెయిన్ తీశారు, కానీ ఆరో రోజుదాకా కట్టు తడుస్తూనే ఉంది. ఏడో రోజున అది పొడిగా ఉంది, రక్తం కల్చర్ కూడా శుభ్రం. రిఫాంపిసిన్ 450 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఆ రోజే మొదలు. రెండు వారాలు నిండాక సెఫజోలిన్ స్థానంలో లెవోఫ్లాక్సాసిన్ మాత్రలు.

ఎన్నాళ్లు వాడాలన్నది ముఖ్యంగా లోహం లోపల ఉందా లేదా అన్నదాన్ని బట్టే. 2021లో వెలువడిన ఫ్రాన్స్ పరిశోధన 6 వారాలను 12 వారాలతో పోల్చింది. ఇంప్లాంట్‌ను ఉంచి కడిగినవారిలో ఇన్ఫెక్షన్ తగ్గకుండా మిగిలింది 6 వారాల వర్గంలో 30.7 శాతం మందికి, 12 వారాల వర్గంలో 14.5 శాతం మందికి. ఒకే శస్త్రచికిత్సలో పాతది తీసి కొత్తది పెట్టినవారిలో ఆ తేడా చాలా తక్కువ. బయోఫిల్మ్ పట్టిన లోహమే బయటికి పోయింది మరి. అమెరికా మార్గదర్శకాలు 2013లో, లోహం ఉంచిన స్టెఫిలోకాకస్ కేసుల్లో తుంటికి 3 నెలలు, మోకాలికి 6 నెలలు అన్నాయి. నేను మోకాలికీ 12 వారాలతోనే ఆపుతాను, గాయం, నొప్పి, రక్తపరీక్షలు సజావుగా ఉంటేనే. రోజులు లెక్కించేది కీలు కడిగిన రోజు నుంచి, రిఫాంపిసిన్ మొదలైన రోజు నుంచి కాదు.

ఆమె వార్ఫరిన్ వాడుతోంది. రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను పెంచి వార్ఫరిన్‌ను త్వరగా కరిగించేస్తుంది, ఐఎన్ఆర్ పడిపోతుంది. మోతాదు పెంచితే, రిఫాంపిసిన్ ఆపిన రెండు మూడు వారాల్లో అదే మోతాదు రక్తస్రావానికి దారితీయవచ్చు. ఆపే తేదీతోపాటు ఐఎన్ఆర్ చూసే తేదీలూ అప్పుడే రాసుకోండి.

అభ్యాసం: కీలు కడిగిన 40వ రోజున ఆమె కడుపులో తిప్పుతోందని లెవోఫ్లాక్సాసిన్ తానే మానేసి, రిఫాంపిసిన్ మాత్రం 9 రోజులు మింగింది. గాయం పొడిగానే ఉంది. ఈ రోజు మీరు ఏ మందు ఆపుతారు, ఏది మొదలుపెడతారు? నెల తర్వాత మోకాలు మళ్లీ వాస్తే, ప్రయోగశాలను ముందుగా ఏ ప్రశ్న అడుగుతారు? ఆరు వాక్యాలకు మించకుండా రాయండి.