పాఠం 7: మాన్యువల్ నుంచి ఆటోకి, కుదుపు లేకుండా

ఇంటిగ్రల్ భాగం తేడాను కూడబెడుతూ పోతుందని గత పాఠంలో చూశాం. అలా కూడబెట్టిన లెక్క దగ్గరే ఈ పాఠం మొదలవుతుంది.

పెద్దపల్లి వైపు ఒక బాయిల్డ్ రైస్ మిల్లు. యాసంగి వడ్లను పచ్చిగా మర పట్టిస్తే నూక ఎక్కువ పోతుందని మనవైపు వాటిని వేడినీళ్లలో నానబెట్టి, ఆవిరి పట్టి, ఉప్పుడు బియ్యం చేస్తారు. ఆ నీళ్ల ట్యాంకుకు ఆవిరిని వదిలే కంట్రోల్ వాల్వు ఉంది. నీళ్లు 70 డిగ్రీల దగ్గర నిలవాలి. మరీ వేడెక్కితే నానేటప్పుడే గింజ పొట్టు చీలిపోతుంది. ప్యానెల్ మీద ఆటో బటన్ ఉన్నా ఆపరేటర్ దాన్ని ముట్టడు. ఎందుకని అడిగితే "ఆటోల పెడితే ఆగం చేస్తది సార్" అన్నాడు. ఇంకా వడ్లు పోయలేదు కాబట్టి నన్నే నొక్కి చూడమన్నాడు.

అప్పటికి నీళ్లు 66 డిగ్రీల్లో ఉన్నాయి. అతను మాన్యువల్‌లో వాల్వును 38 శాతం దగ్గర ఉంచాడు. నేను ఆటో నొక్కగానే వాల్వు 38 నుంచి ఒకేసారి 100కి తెరుచుకుంది. ఆవిరి అంతా ఇటే రావడంతో హెడర్‌లో ప్రెజర్ పడిపోయింది. డ్రైయర్ దగ్గరి మనిషి కేకలేసుకుంటూ వచ్చాడు. నీళ్లు 70 దాటినా వాల్వు తగ్గే సూచన లేదు. మళ్లీ మాన్యువల్‌కి తెచ్చాను. ఆపరేటర్ మాట నిజమే.

ఇప్పుడు లెక్క చూద్దాం. సెన్సర్ రేంజ్ 0 నుంచి 100 డిగ్రీలు, అంటే ఒక డిగ్రీ ఒక శాతం. గెయిన్ 4, ఇంటిగ్రల్ టైమ్ 5 నిమిషాలు. తేడా 4 డిగ్రీలు కాబట్టి ప్రపోర్షనల్ భాగం 16 శాతం. తేడా అలాగే ఉంటే 5 నిమిషాల్లో ఇంటిగ్రల్ ఇంకో 16 శాతం పెరుగుతుంది, అంటే నిమిషానికి 3.2.

పీఎల్‌సీలో ప్రోగ్రామ్ రాసినాయన మాన్యువల్‌లో ఉన్నప్పుడు కూడా ఈ కూడికను ఆపలేదు. అవుట్‌పుట్ మాత్రం ఆపరేటర్ పెట్టిన అంకె దగ్గర నిలిచింది. లోపల ఇంటిగ్రల్ తన దారిన తాను పెరుగుతోంది. మొదట్లో అది 40 ఉందనుకుందాం. 20 నిమిషాలు మాన్యువల్‌లో ఉంటే ఇంకో 64 చేరి వంద దాటుతుంది. వాల్వును తిప్పుతున్న చెయ్యి ఒకటి, లెక్క రాస్తున్న చెయ్యి ఇంకొకటి. ఆటో నొక్కిన క్షణాన రెండో చెయ్యి పగ్గం అందుకుంది.

సరే, మాన్యువల్‌లో కూడిక ఆపేసి, ఆటోకి మారేటప్పుడు ఇంటిగ్రల్‌లో 38 పెడితే సరిపోతుందా? చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అవుట్‌పుట్ అంటే 38కి 16 కలిపి, మొత్తం 54. వాల్వు 38 నుంచి 54కి ఎగురుతుంది. కుదుపు చిన్నదైంది, పోలేదు.

కావలసింది మొత్తం 38 కావడం. ప్రపోర్షనల్ భాగం 16 తెస్తోంది కాబట్టి ఇంటిగ్రల్ 22 తేవాలి:

`I = M - Kp*e`

M అంటే మాన్యువల్‌లో వాల్వు అంకె. ఈ లెక్కను బటన్ నొక్కినప్పుడు ఒక్కసారి చేసినా చాలు. నేను మాత్రం మాన్యువల్‌లో ఉన్నంతసేపూ ప్రతి స్కాన్‌లోనూ చేయిస్తాను. నడుస్తున్న బస్సు ఎక్కేవాడు పక్కనే నాలుగడుగులు ఉరుకుతాడు కదా, ఇంటిగ్రల్ కూడా ఆపరేటర్ చెయ్యి వెంట అలా ఉరకాలి.

```
if mode == MANUAL:
    u = M
    I = u - Kp*e
else:
    I = I + Kp*e*dt/Ti
    u = limit(Kp*e + I, 0, 100)
    M = u
```

చివరి వరుసను వదిలేయకండి. ఆటో నుంచి మాన్యువల్‌కి వచ్చేటప్పుడు కుదుపు రాకుండా ఆపేది అదే. అది లేకపోతే పొద్దున ఎప్పుడో పెట్టిన పాత M మేల్కొంటుంది. (డెరివేటివ్ వాడుతుంటే పాత PV విలువను మాన్యువల్‌లో కూడా ప్రతి స్కాన్‌లో మార్చుకోవాలి. లేకపోతే కుదుపు ఆ దారిలో వస్తుంది.)

ఈ మార్పు చేశాక ఆటో నొక్కితే వాల్వు 38 దగ్గరే ఉంది. ఆపరేటర్ మొహం వికసించింది కానీ, నిమిషంలోపే "మళ్ల జరుగుతాంది సార్" అన్నాడు. జరగాలి మరి. తేడా ఇంకా 4 డిగ్రీలు ఉంది కాబట్టి నిమిషానికి సుమారు 3 శాతం చొప్పున తెరుచుకోవడం మొదలుపెడుతుంది, నీళ్లు వేడెక్కే కొద్దీ నెమ్మదిస్తుంది. కుదుపు లేదంటే వాల్వు కదలదని కాదు, ఎగరదని మాత్రమే.

ఆ కదలిక కూడా వద్దనుకుంటే ఇంకో పద్ధతి ఉంది. మాన్యువల్‌లో ఉన్నంతసేపూ SP తనంతట తానే PV వెంట నడుస్తుంది. ఆటోకి మారేసరికి తేడా సున్నా, ఇంటిగ్రల్ 38. వినడానికి బాగుంటుంది. కానీ మన ట్యాంకులో SP ఇప్పుడు 66! ఎవరైనా గుర్తుపెట్టుకుని మళ్లీ 70 కొట్టకపోతే షిఫ్టంతా నీళ్లు 66 దగ్గరే ప్రశాంతంగా ఉంటాయి, అలారం కూడా రాదు. అందుకే బాయిలర్ డ్రమ్ లెవెల్ లాగా ఎప్పుడూ ఒకే SP ఉండే లూపుల్లో ఈ సౌకర్యం పెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. ఈ ట్యాంకుకూ పెట్టలేదు.

ఒక చిక్కు మాత్రం చెప్పి తీరాలి. పొద్దున నీళ్లు 60 డిగ్రీల్లో ఉన్నాయి, వాల్వు 20 శాతం. తేడా 10, ప్రపోర్షనల్ భాగం 40. ఇంటిగ్రల్ అంటే 20లోంచి 40 తీసేస్తే మైనస్ 20. కొందరు ఇంటిగ్రల్ సున్నా కంటే తగ్గకుండా కంచె వేస్తారు. అప్పుడు అవుట్‌పుట్ 40 అవుతుంది, 20 శాతం ఎగురుడు తిరిగొస్తుంది. కంచె అవుట్‌పుట్‌కి వేయాలి, ఇంటిగ్రల్‌ను మైనస్‌లోకి పోనివ్వాలి.

మీ లూపులో కుదుపు ఏ రకందో ట్రెండ్ చూసి చెప్పవచ్చు. మార్చిన క్షణం దగ్గర OUT గీతను పెద్దది చేసి చూడండి. నిట్టనిలువుగా 100కో సున్నాకో పోతే మాన్యువల్‌లో కూడిక నడుస్తోంది. ఎగిరిన ఎత్తు సరిగ్గా గెయిన్ ఇంటూ తేడా అయితే ఇంటిగ్రల్‌లో M మాత్రమే పెట్టారు. నమ్మకం కోసం 2 డిగ్రీల తేడాతో ఒకసారి, 4 డిగ్రీలతో ఒకసారి మార్చి చూడండి, ఎత్తు కూడా రెట్టింపు కావాలి. ట్యాంకులో వడ్లు లేనప్పుడే, డ్రైయర్ వాళ్లకు చెప్పే చేయండి.

OUT గీత నున్నగా ఉన్నా ట్యాంకు మాత్రం అదిరితే ప్రోగ్రామ్‌ను తిట్టొద్దు, వాల్వు దగ్గరికి నడవండి. ఎవరో హ్యాండ్ వీల్ తిప్పి పెట్టి ఉంటారు, లేదా బైపాస్ తెరిచి ఉంటుంది. తెర మీద 38 శాతం అని ఉన్నా ఆవిరి 60 శాతానికి సరిపడా పోతుంటుంది. ఆటోకి మార్చాక హ్యాండ్ వీల్ వదిలితే ఆ తేడా అంతా ట్యాంకు మీద పడుతుంది. కంట్రోలర్‌కి తెలిసింది తాను పంపిన అంకె మాత్రమే.

వచ్చే పాఠంలో కాస్కేడ్ చూద్దాం. అందులో రెండు కంట్రోలర్లు ఒకదాని వెంట ఒకటి ఉరకాలి. అంతలో ఈ లెక్క చేసి పెట్టుకోండి: SP 70, నీళ్లు 73, మాన్యువల్‌లో వాల్వు 10 శాతం, గెయిన్, ఇంటిగ్రల్ టైమ్ పైవే. ఆటో నొక్కే క్షణాన ఇంటిగ్రల్‌లో ఎంత ఉండాలి? నొక్కాక వాల్వు ఎటు కదులుతుంది, మొదటి నిమిషంలో సుమారు ఎంత?