పనిభారం ప్రశ్నావళిలో జవాబులన్నీ ఒకే గడిలో పడుతుంటే

చంద్రగిరి, పాకాల మండలాల ప్రభుత్వ పాఠశాలల్లో 60 మంది ఉపాధ్యాయుల పనిభారం తెలుసుకోవడానికి ఒక చిన్న సర్వే తలపెట్టామనుకుందాం. ముందుగా 10 మందికి ఇచ్చి చూస్తే ఈ కింది ఇబ్బందులు ఎదురయ్యాయనుకుందాం.

సమస్య: "బోధనేతర పనుల వల్ల నా పనిభారం పెరిగి బోధన దెబ్బతింటోంది" అన్న వాక్యానికి 10 మందిలో 9 మంది "పూర్తిగా ఏకీభవిస్తాను" దగ్గరే టిక్కు పెట్టారు.

కారణం: ఈ జవాబులు అబద్ధమని కాదు. కానీ వాక్యంలో మూడు సంగతులున్నాయి: బోధనేతర పనులు ఉన్నాయని, వాటివల్ల భారం పెరిగిందని, దానివల్ల చదువు దెబ్బతిందని. ఏ సంగతికి ఒప్పుకున్నారో జవాబును బట్టి తెలియదు. పైగా అది ప్రశ్నలా కాక, సంతకం కోసం తెచ్చిన వినతిపత్రంలా ఉంది. అలాంటి దానికి కాదనే ఉపాధ్యాయుడు దొరకడం కష్టం. వారానికి రెండు గంటలు పోగొట్టుకునేవారూ, పది గంటలు పోగొట్టుకునేవారూ ఒకే గడిలో చేరినప్పుడు, ఎవరి భారం ఎక్కువో తేల్చే దారి ఉండదు.

పరిష్కారం: అభిప్రాయం అడిగేముందు జరిగినదాన్ని అడగాలి. "గత సోమవారం నుంచి శనివారం వరకు, బడి వేళల్లో, హాజరు, మధ్యాహ్న భోజనం వంటి వివరాలను ఫోనులో నమోదు చేయడానికి మీకు మొత్తం ఎన్ని గంటలు పట్టింది?" అని అడిగి, అంకె రాసేందుకు ఖాళీ వదలాలి. గంటలను విభాగాలుగా ఇస్తే చాలామంది మధ్య గడిని మామూలు స్థాయి అనుకుని దాని చుట్టూనే టిక్కు పెడతారు కాబట్టి ఖాళీ వదలడమే మేలు. తరువాత "ఆ వారంలో ఎన్ని రోజులు పాఠం మధ్యలో ఆపి ఈ పని చేయవలసి వచ్చింది?" అని అడగాలి, 0 నుంచి 6 వరకు అంకెలే ఇక్కడ స్కేలు. ఆ తరువాతే "ఈ పని మీకు ఎంత భారంగా అనిపించింది?" అన్న ప్రశ్న రావాలి. దానికి ఐదు మెట్లు, ప్రతి మెట్టుకూ మాట ఉండాలి: ఏమాత్రం లేదు, కొంచెం, ఓ మోస్తరు, చాలా, మోయలేనంత. చివరి మెట్లకు మాత్రమే మాటలు పెట్టి మధ్యలో 2, 3, 4 అని వదిలేస్తే, ఒకరి 3 మరొకరి 3తో సమానం కాదు.

వారం ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. తిరుమల బ్రహ్మోత్సవాల రద్దీ, దసరా సెలవులు, పరీక్షలు ఉన్న వారాన్ని పట్టుకుంటే అంకెలు ఆ వారానికే పరిమితమవుతాయి. ఆరు రోజులూ బడి నడిచిన వారం ముగిశాక వెంటనే అడగడం మంచిది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ఉపాధ్యాయునికి వారానికి కనీసం 45 గంటలని చెబుతూ, పాఠానికి సిద్ధమయ్యే సమయాన్నీ అందులోనే కలిపింది. అందుచేత ఇంటి దగ్గర నోటుబుక్కులు దిద్దిన సమయాన్నీ, పాఠానికి సిద్ధమైన సమయాన్నీ వేరుగా అడగకపోతే ఆ 45తో పోల్చి చూడలేము.

సమస్య: "తోటి ఉపాధ్యాయులు పని పంచుకుంటారా?" అన్న చోట కొన్ని ఖాళీలు, మరికొన్ని మధ్య గడిలో టిక్కులు.

కారణం: ఏకోపాధ్యాయ పాఠశాలలో పని పంచుకునేందుకు తోటివారే ఉండరు.

పరిష్కారం: స్కేలుకు బయట, కాస్త ఎడంగా "నాకు వర్తించదు" అన్న గడి ఇవ్వాలి. లెక్క కట్టేటప్పుడు దాన్ని 0గానో 3గానో చేర్చకూడదు. ఆ ప్రశ్నకు ఆ వ్యక్తిని లెక్కలోంచి తీసేయాలి.

సమస్య: ఒకే బడి నుంచి వచ్చిన కాగితాలు అచ్చుగుద్దినట్టు ఉన్నాయి.

కారణం: సమావేశంలో ప్రధానోపాధ్యాయుని ఎదుటే పంచి, అక్కడే వసూలు చేసి ఉంటారు. పేరు అడగకపోయినా, మండలం, సబ్జెక్టు, సర్వీసు కలిపితే మనిషి ఎవరో తెలిసిపోతుంది.

పరిష్కారం: సర్వీసును "10 ఏళ్ల లోపు", "10 ఏళ్లు, ఆపైన" అని మాత్రమే అడిగి, సబ్జెక్టు వదిలేసి, అతికించిన కవరులో తీసుకోవాలి.

మార్చిన ప్రశ్నావళికి పైలట్, అంటే అసలు సర్వేకు ముందు చేసే చిన్న పరీక్ష, రెండు దశల్లో జరపాలి. ఈ 60 మందిని కదల్చకుండా పక్కనున్న మరో మండలం ఎంచుకోవాలి. మొదట 5 గురితో విడివిడిగా కూర్చుని, ప్రతి ప్రశ్ననూ వారి మాటల్లో చెప్పమని, గంటలను ఎలా లెక్కవేశారో వివరించమని అడగాలి. తిరుపతి నుంచి బస్సులో వెళ్తూ చేసిన నమోదును ఒకరు కలుపుతారు, మరొకరు కలపరు. "బడి వేళల్లో" అన్న మాట సరిపోయిందో లేదో ఇక్కడే బయటపడుతుంది. తరువాత 12 మందికి పూర్తి కాగితం ఇచ్చి సమయం చూడాలి. 15 నిమిషాలు దాటితే ప్రశ్నలు తగ్గించాలి. ఇద్దరు, అంతకంటే ఎక్కువమంది ఖాళీగా వదిలిన ప్రశ్నను తిరగరాయాలి. 10 మంది ఒకే గడిలో ఉంటే, అది పదాల తప్పా, నిజంగానే అందరి స్థితీ అదేనా అని మొదటి దశ సంభాషణలతో సరిచూసుకోవాలి. ఇవి పని సాగడానికి పెట్టుకున్న హద్దులే, శాస్త్ర నియమాలు కావు. ప్రశ్నలన్నీ ఒకే సంగతిని ఎంత పొందికగా కొలుస్తున్నాయో చెప్పే విశ్వసనీయతా గుణకాన్ని 12 మంది జవాబులతో లెక్కకట్టినా దానికి నిలకడ ఉండదు. పదాలు మారిన తరువాత పైలట్ కాగితాలను అసలు 60లో కలపరాదు.