డాలరు నుంచి రూపాయికి, 4వ పాఠం: ఛార్జీల్లో కనపడని కోత

పోయిన పాఠంలో విదేశీ క్లయింటు చేత డాలర్లను OUR పద్ధతిలో పంపించుకోమన్నాను. అంటే దారిలో బ్యాంకులు తీసుకునే ఛార్జీలు పంపేవాళ్లే భరిస్తారు. గాజువాక నుంచి ఒకమ్మాయి అలాగే చేసింది. 1,000 డాలర్లూ పూర్తిగా వచ్చాయి. అయినా లెక్క తగ్గిందని రాసింది. మరికొందరిదీ అదే మాట. తప్పు నాదే, రేటు సంగతి అప్పుడే చెప్పాల్సింది.

లెక్క తేలిగ్గా ఉండాలని కొన్ని అంకెలు అనుకుందాం. ఆ రోజు గూగుల్‌లో డాలరు 85 రూపాయలు. బ్యాంకు ఇచ్చింది 83.70. అంటే 83,700. ఇందులో బ్యాంకు ఛార్జీ 200, దానిపై జీఎస్టీ 36 పోతాయి. కరెన్సీ మార్పిడికి వేరే జీఎస్టీ ఉంది. లక్ష లోపు అయితే మార్చిన మొత్తంలో 1 శాతాన్ని సేవ విలువగా తీసుకుని, దానిమీద 18 శాతం వేస్తారు. ఇక్కడ 150.66. చేతికి వచ్చేది 83,313.34.

85,000తో పోలిస్తే 1,686.66 తగ్గింది. స్టేట్‌మెంట్‌లో ఛార్జీలుగా కనిపించేవి 386.66 మాత్రమే. మిగతా 1,300 రేటులోనే పోయింది. అందుకే "ఫీజు సున్నా" అన్న మాట విని ఎవరినీ నమ్మకండి. చేతికొచ్చిన రూపాయల్ని ఇన్వాయిస్ డాలర్లతో భాగించండి. ఇక్కడ 83.31. నా నోట్‌బుక్‌లో ఈ ఒక్క అంకే రాసుకుంటాను.

నాకు చిరాకు తెప్పించే పొరపాటు ఇంకొకటుంది. బ్యాంకు రేట్ల పట్టికలో చాలా కాలమ్‌లు ఉంటాయి. మన దగ్గరికి వచ్చే డాలర్లకు చూడాల్సింది TT Buying. TT Selling మనం విదేశానికి పంపేటప్పుడు. నోట్ల రేటు చేతిలో ఉన్న కాగితం డాలర్లకు. సెల్లింగ్ రేటు చూసి సంతోషపడి, డబ్బు పడ్డాక బ్యాంకుతో గొడవపడినవాళ్లు ఉన్నారు. గూగుల్ రేటుతో పోల్చినా అదే రోజు, అదే గంట రేటుతో పోల్చండి.

డాలరు పెరిగేదాకా ఆగాలా? 85 నుంచి 85.20 అయితే 1,000 డాలర్లకు కలిసొచ్చేది 200. గూగుల్ రేటుకీ బ్యాంకు రేటుకీ ఉన్న తేడాను 1.30 నుంచి 80 పైసలకు తగ్గిస్తే 500. నేను రెండోదాని వెంటే పడతాను. డబ్బు ఖాతాలో పడ్డాక అడిగి లాభం లేదు, అప్పటికే మార్చేసి ఉంటారు. క్లయింటు పంపానని చెప్పగానే బ్రాంచిలో ఫారెక్స్ చూసేవారికి మెయిల్ పెట్టి, మెరుగైన రేటు అడగండి. చిన్న మొత్తాలకు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు రెండు ఇన్వాయిస్‌లు కలిపి పంపించుకోవచ్చు. శుక్రవారం రాత్రి పంపించుకోవడం నాకిష్టం ఉండదు. మధ్యలో శని, ఆదివారాలు వచ్చి, సోమవారం ఏ రేటుంటే అదే దక్కుతుంది.

అభ్యాసం: మీకు వచ్చిన చివరి ఆరు చెల్లింపులు తీయండి. ఒక్కోదానికి చేతికొచ్చిన రేటు, అదే రోజు గూగుల్ రేటు పక్కపక్కన రాయండి. తేడాలో కనపడే ఛార్జీలెంత, రేటులో పోయిందెంత విడదీయండి. ద్వారకానగర్ బ్రాంచికి వెళ్లాల్సి వచ్చినా సరే, ప్రతి చెల్లింపుకి బ్యాంకు ఇచ్చే రెమిటెన్స్ అడ్వైస్ కాపీ తెచ్చుకునే చేయండి.