కళ్లు తిరగనివ్వండి: పానిక్ వర్క్‌బుక్‌లో శరీర వ్యాయామాలకు ముందు తీసుకోవాల్సిన, మానుకోవాల్సిన జాగ్రత్తలు

పానిక్ డిజార్డర్ సీబీటీ వర్క్‌బుక్‌లో మొదటి సగం చేయించడం పెద్ద కష్టం కాదు. అటాక్‌ల డైరీ రాయించడం, భయం ఎలా పెరుగుతుందో బొమ్మ గీసి చూపించడం, "గుండె ఆగిపోతుందేమో" అనే ఆలోచనకు ఆధారాలు వెతికించడం... ఇవన్నీ కుర్చీలో కూర్చుని మాట్లాడుకునే పనులే. ఆ తర్వాత ఇంటరోసెప్టివ్ ఎక్స్‌పోజర్ పేజీ వస్తుంది. క్లయింట్ ఏ గుండె దడకు, ఏ కళ్లు తిరగడానికి భయపడి మన దగ్గరికి వచ్చారో, దాన్నే మన గదిలో కావాలని తెప్పించాలి. కొత్త థెరపిస్టుల్లో కొందరు ఆ పేజీని దాటేస్తారు. ఇంకొందరు చేయిస్తారు గానీ మధ్యలోనే ఆపేస్తారు.

ఈ పనికి కావాల్సిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. అవి శరీరం కోసం, వ్యాయామం మొదలుకాకముందే పూర్తవ్వాలి. మొదలయ్యాక మనం తీసుకునే జాగ్రత్తలు చాలావరకు మన టెన్షన్ తగ్గించుకోవడానికి తీసుకునేవే. ఈ రెండూ కలిసిపోతే చికిత్స చెడుతుంది.

మొదలుపెట్టే ముందు అడగాల్సినవి

థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, రక్తహీనత, గుండె లయ తప్పడం లాంటివి కూడా పానిక్ అటాక్‌లాగే కనిపించగలవు. కాబట్టి డాక్టర్ ఒకసారి పరీక్షించి ఉండాలి. ఉండకపోతే ఈ పేజీ తెరవకుండా ముందు డాక్టర్ దగ్గరికి పంపండి.

ఆ తర్వాత ఒక్కో వ్యాయామాన్నీ విడిగా ఆలోచించాలి. వేగంగా, లోతుగా ఊపిరి తీసుకునే హైపర్‌వెంటిలేషన్‌కు మూర్ఛ చరిత్ర ముఖ్యం. ఈఈజీ తీసేటప్పుడు మూర్ఛ జాడలు బయటపడాలనే రోగి చేత మూడు నిమిషాలు ఇలా ఊపిరి తీయిస్తారు, దాన్ని గుర్తుపెట్టుకుంటే కారణం అర్థమవుతుంది. గుండె జబ్బు, ఆస్తమా, సికిల్ సెల్ జబ్బు, గర్భం ఉన్నా డాక్టర్‌ను అడగకుండా చేయించకూడదు. తల విదిలించే వ్యాయామానికి మెడ నొప్పి, కుర్చీలో గిరగిరా తిరిగేదానికి చెవి లోపలి సమస్యలు, నిలబడిన చోటే పరుగుకు మోకాళ్లు అడ్డు రావచ్చు. అడ్డు ఉందంటే చికిత్సే లేదని కాదు. చాలాసార్లు ఆ ఒక్క వ్యాయామం పక్కన పెట్టి ఇంకొకటి తీసుకుంటే సరిపోతుంది.

"ఆస్తమా ఉందా?" అని మాత్రం అడిగి ఊరుకోవద్దు. నేను ఒకసారి అలాగే ఊరుకున్నాను. ఆయన లేదన్నారు. సన్నని స్ట్రా గుండా ఊపిరి తీసుకునే వ్యాయామం సగంలో పిల్లికూతలు మొదలయ్యాయి. అప్పుడు బ్యాగులోంచి ఇన్‌హేలర్ తీశారు. "చలికాలంలో మాత్రమే వాడతానండి, అది ఆస్తమా అనుకోలేదు" అన్నారు. తప్పు ఆయనది కాదు, నా ప్రశ్నది. అప్పటినుంచి "అప్పుడప్పుడు వాడేవాటితో సహా మీ బ్యాగులో ఏ మందులున్నాయి?" అని అడుగుతున్నాను.

ఆ ప్రశ్నతో ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. ఆందోళన వచ్చినప్పుడల్లా వేసుకునే బెంజోడయాజెపైన్ మాత్ర ఉంటే, సెషన్‌కు ముందు అది వేసుకుని వచ్చినప్పుడు ఏమీ కాలేదన్న ఘనత మాత్రకే పోతుంది. అయినా "మానేయండి" అని మనం చెప్పకూడదు. చాలాకాలం రోజూ వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. రాసిచ్చిన సైకియాట్రిస్ట్‌తో మాట్లాడాలి, షీటు మీద చివరి మాత్ర వేసుకున్న సమయం రాయాలి. ప్రొప్రనలాల్ వాడేవాళ్లలో గుండె వేగం అంతగా పెరగదు. పరుగు తర్వాత వాళ్లు భయానికి తక్కువ మార్కు వేస్తే దాన్ని నమ్మి సంబరపడకండి.

చివరి ప్రశ్న: "నిజంగా ఎప్పుడైనా స్పృహ తప్పిందా? ఎప్పుడు?" పానిక్‌లో సాధారణంగా బీపీ పెరుగుతుంది, అందుకే పడిపోతామన్న భయం ఎంత ఉన్నా పడిపోవడం అరుదు. రక్తం, సూది చూసి భయపడేవాళ్ల సంగతి వేరు. వాళ్లలో బీపీ ఒక్కసారిగా పడి నిజంగానే స్పృహ తప్పవచ్చు. కారణం తెలియకుండా స్పృహ తప్పిన చరిత్ర ఉంటే, అది తేలేవరకూ ఆగాలి.

పరీక్ష షీటు

ఇది వ్యాయామాల్లోంచి ఎంచుకోవడానికి వాడే పేజీ. తల అటూ ఇటూ తిప్పడం 30 సెకన్లు, ఊపిరి బిగబట్టడం 30 సెకన్లు, పరుగు ఒక నిమిషం, కుర్చీలో తిరగడం ఒక నిమిషం, హైపర్‌వెంటిలేషన్ ఒక నిమిషం, స్ట్రా రెండు నిమిషాలు... ఇలా ఒక్కోటి ఒక్కసారి చేయించి, 0 నుంచి 10 వరకు మూడు అంకెలు రాయించాలి: శరీరంలో ఎంత గట్టిగా అనిపించింది, ఎంత భయం వేసింది, ఇది మీ అటాక్‌కు ఎంత దగ్గరగా ఉంది. మూడో అంకె కనీసం 3 ఉన్నవాటినే సాధనకు తీసుకుంటాం. తక్కువ భయం పుట్టించేదానితో మొదలుపెడతాం.

అన్నీ సున్నాలు వస్తే "ఈమెకు ఇది పనిచేయదు" అనుకోకండి. మన గదిలో, మన ఎదుట ఉన్నారు కాబట్టి భయం లేకపోవచ్చు. "ఇదే ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు వస్తే?" అని అడిగి ఆ అంకె కూడా పక్కన రాయించండి.

ఒక కేసు

వివరాలు మార్చి చెబుతున్నాను. ఆమె టీచర్, ముప్పై దాటాయి. క్లాసులో కళ్లు తిరిగి పిల్లల ముందు పడిపోతానని భయం. డాక్టర్ పరీక్షలన్నీ మామూలుగానే వచ్చాయి, మందులేమీ లేవు. పరీక్ష షీటులో హైపర్‌వెంటిలేషన్‌కు తీవ్రత 7, భయం 8, పోలిక 9 వేశారు. తల తిప్పడంతో మొదలుపెట్టి, రెండో సెషన్‌లో దీనికి వచ్చాం.

మొదలుపెట్టే ముందు షీటులో ఒక వాక్యం రాయించాను: "ఒక నిమిషం ఇలా ఊపిరి తీస్తే స్పృహ తప్పి పడిపోతాను. నమ్మకం 80 శాతం." ఈ వాక్యం లేకుండా వ్యాయామం చేయించవద్దు. "టెన్షన్ వస్తుంది" అని రాస్తే అది ఎలాగూ నిజమవుతుంది. తప్పో ఒప్పో కంటితో తేల్చుకోగలిగే మాట కావాలి.

తర్వాత ఏం జరగబోతుందో చెప్పాను. వేగంగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. దానివల్ల మెదడుకు వెళ్లే రక్తనాళాలు కొంత ముడుచుకుని తల తేలిపోయినట్టు ఉంటుంది, పెదాల చుట్టూ, వేళ్లలో తిమ్మిర్లు వస్తాయి. మామూలుగా ఊపిరి తీసుకుంటే కొన్ని నిమిషాల్లో పోతాయి. ఇంతే చెప్పాను. "మీకేం కాదు" అనలేదు. నేను హామీ ఇస్తే ఆమె తెలుసుకునేది నా మాట మీద నమ్మకమే, తన శరీరం గురించి కాదు.

మొదట నేను పది సెకన్లు చేసి చూపించాను. చక్రాలు లేని కుర్చీలో కూర్చోబెట్టి, నోటితో లోతుగా, రెండు సెకన్లకు ఒక ఊపిరి చొప్పున తీయించాను. 35 సెకన్లకు ఆపేశారు. భయం 8. పడిపోలేదు కానీ "ఆపాను కాబట్టే పడిపోలేదు" అన్నారు. నమ్మకం 80 నుంచి కదల్లేదు. మధ్యలో ఆపితే జరిగేది ఇదే: ఆపడమే కాపాడిందనిపిస్తుంది.

రెండోసారి నిమిషం పూర్తి చేశారు. భయం 7. మూడోసారికి 4. నాకు సంతోషమే, కానీ అంకె మరీ తొందరగా దిగిందనిపించి అడిగాను: "ఈసారి ఏమైనా వేరేగా చేశారా?" కాస్త సిగ్గుపడి, నోట్లో పుదీనా బిళ్ల ఉందన్నారు. చేతులు కూడా కుర్చీని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. బిళ్ల తీయించి, చేతులు ఒళ్లో పెట్టించి నాలుగోసారి చేయిస్తే భయం మళ్లీ 7 అయింది. అయిదోసారి 5. నమ్మకం 40కి దిగింది. ఆ రోజుకు అక్కడే ఆపాం, ఎందుకంటే ఆమె తనంతట తానే ఒక మాట అన్నారు: "కళ్లు తిరగడం వేరు, పడిపోవడం వేరన్నమాట." భయం సున్నా అయ్యేవరకూ పట్టుబట్టక్కర్లేదు. ఊహించినది జరగలేదని ఆమెకే తేలడం ముఖ్యం.

మానుకోవాల్సిన జాగ్రత్తలు

నీళ్ల గ్లాసు చేతికివ్వడం, ఒక్కో రౌండ్ తర్వాత నాడి పట్టుకుని చూడడం, పల్స్ ఆక్సీమీటర్ పెట్టడం, మధ్యలో "బాగానే ఉన్నారా?" అని అడగడం, అయిపోగానే నెమ్మదిగా ఊపిరి తీసుకోమనడం. ఇవన్నీ దయగానే కనిపిస్తాయి. క్లయింట్‌కు మాత్రం "ఇక్కడ ప్రమాదం ఉంది, అందుకే చూస్తున్నారు" అని వినిపిస్తాయి. నెమ్మదైన ఊపిరి సాధన వర్క్‌బుక్‌లో ఎక్కడైనా ఉండొచ్చు గానీ ఈ పేజీలో వద్దు. కాగితం సంచిలో ఊపిరి తీయించడం అసలే వద్దు, ఆస్తమా లేదా గుండె సమస్య ఉన్నవాళ్లకు అది నిజంగానే హాని చేయగలదు.

నిజంగా ఆపాల్సిన సందర్భాలు కొన్నే, వాటిని ముందే రాసి మీ దగ్గర పెట్టుకోండి: పిల్లికూతలు, దవడకో చేతికో పాకే ఛాతీ నొప్పి, ఒక పక్క బలహీనత, మాట తడబడడం, నిజంగా స్పృహ తప్పడం, "ఇది నాకు ఎప్పుడూ వచ్చేది కాదు" అని క్లయింట్ చెప్పే కొత్త లక్షణం. ఇవి కనిపిస్తే ఆపి వైద్య సహాయం పిలవాలి. వణుకు, చెమట, ఏడుపు, "చచ్చిపోతానేమో" అన్న మాట ఆ జాబితాలోకి రావు, అవి ఈ పనిలో మామూలే. అయినా ఆపేద్దామని క్లయింట్ అంటే ఆపాలి. ఎక్కడ ఆగిందో రాసుకుని, ఒప్పుకుంటే మళ్లీ మొదలుపెట్టాలి. తల తిరుగుడు పూర్తిగా తగ్గేవరకూ బండి తోలొద్దని మాత్రం చెప్పండి.

ఇంటి సాధన

క్లినిక్‌లో కనీసం ఒకసారి పూర్తిగా చేసిన వ్యాయామాన్నే ఇంటికి ఇవ్వండి. రోజూ చేయమనండి. షీటులో "దగ్గర ఎవరున్నారు, చేతిలో ఏముంది" అనే గడి ఒకటి అదనంగా గీయండి. మా టీచర్ గారి షీటులో మొదటి వారమంతా భయం 2, 3 దాటలేదు. ఆ గడిలో మాత్రం ఏడు రోజులూ ఒకటే రాసి ఉంది: "మా ఆయన పక్క గదిలో ఉన్నారు." రెండో వారం ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు, నిలబడి చేయమన్నాను. మొదటి రోజు భయం 8కి ఎక్కింది. నాలుగో రోజుకు 4. ఆ తర్వాతి వారం ఖాళీ క్లాసు గదిలో, బోర్డు పక్కన నిలబడి చేసి, నమ్మకం గడిలో 10 రాసి తెచ్చారు.