మందుల గడువు పట్టిక, మూడో పాఠం: 05/26 తెచ్చిన గొడవ, బ్యాచ్‌ల వరుస

ఈ పాఠంలో మన మందుల షాపులోని బ్యాచ్‌లను స్ప్రెడ్‌షీట్‌లో వరుసలో పెట్టి, ఏది అమ్ముడుపోతుందో, ఏది మిగిలిపోతుందో లెక్క కట్టాలనుకున్నాను. కానీ ముందు పోయిన పాఠం సంగతి తేల్చుకోవాలి. గడువును స్ట్రిప్పు మీద ఉన్నట్టే టైప్ చేయమన్నాను. తప్పు నాదే. మీలో చాలామందికి పట్టిక తారుమారైంది.

జరిగింది ఇది. స్ట్రిప్పు మీద 05/26 అని ఉంది. అంటే 2026 మే. మీరు అలాగే కొట్టారు. కంప్యూటర్‌లో తేదీల సెట్టింగు ఎలా ఉందో దాన్నిబట్టి ఒకరికి అది 2026 మే 1 అయింది, మరొకరికి ఈ ఏడాది మే 26 అయింది. ఇంకొకరికి అసలు తేదీయే కాకుండా అక్షరాలుగా ఉండిపోయింది. గడిలో ఎడమవైపుకు జరిగి కనిపిస్తే అది అక్షరాలే అన్న అనుమానం రావాలి. తేదీ, అంకె అయితే మామూలుగా కుడివైపున ఉంటాయి.

ఈ మూడింటిలో నన్ను ఎక్కువగా భయపెట్టేది రెండోది, ఎందుకంటే అది చూడటానికి సరిగ్గానే ఉంటుంది. అదే కంప్యూటర్‌లో 02/27 కొట్టండి. మీ ఉద్దేశం 2027 ఫిబ్రవరి. అది రాసుకునేది ఈ ఏడాది ఫిబ్రవరి 27. మనం 2026 మే నెలలో ఉన్నామనుకుంటే, ఇంకా తొమ్మిది నెలలకు పైగా గడువున్న వంద స్ట్రిప్పులు "గడువు తీరింది" అనే జాబితాలోకి వెళ్లిపోతాయి. అరలోంచి తీసి పక్కన పెట్టేస్తారు కూడా.

మొదటిదీ చిన్న తప్పు కాదు. పెట్టె మీద నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ మందు ఆ నెల ఆఖరి రోజు దాకా పనికొస్తుంది. 05/26 అంటే మే 31. మే 1 అని రాసుకుంటే ముప్పై రోజులు ఊరికే పోయాయి. నేను కొత్తగా పట్టిక మొదలుపెట్టినప్పుడు ఇలాగే ఒక నెల నిల్వంతా ముందే అట్టపెట్టెలో వేసి పక్కకు నెట్టాను. మరుసటి వారం అదే మందు లేదని ఒకాయన్ని వెనక్కి పంపాను. పెట్టె మాత్రం వెనకాలే ఉంది.

రెండు మినహాయింపులు గుర్తుంచుకోండి. పూర్తి తేదీ అచ్చువేసి ఉంటే ఆ తేదీనే నేరుగా F గడిలో రాయండి. "ఈ నెలకు ముందే వాడాలి" అన్న అర్థం వచ్చే మాట ఉంటే ఆఖరి రోజు అంతకుముందు నెల చివర. అంటే కింది మొదటి ఫార్ములాలో చివరి 0 బదులు -1 పెట్టాలి.

ఇక ఈ గొడవకు పరిష్కారం. నెలకు ఒక గడి, సంవత్సరానికి ఒక గడి. సంవత్సరం నాలుగంకెల్లోనే రాయాలి, ఇందులో నేను రాజీపడను. A లో మందు, B లో బ్యాచ్, C లో నెల, D లో సంవత్సరం, E లో నిల్వ. ఆఖరు తేదీ F లో, మిగిలిన రోజులు G లో ఇలా వస్తాయి:

```
F2: =EOMONTH(DATE(D2,C2,1),0)
G2: =F2-TODAY()
```

F గడులు అంకెల్లా కనిపిస్తే ఫార్మాట్ తేదీకి మార్చండి. B నిలువు వరుసను మాత్రం టైప్ చేసే ముందే టెక్స్ట్‌గా మార్చాలి. లేకపోతే 12E5 లాంటి బ్యాచ్ నంబరు పన్నెండు లక్షలు అయిపోతుంది, ముందున్న సున్నాలూ ఎగిరిపోతాయి.

ఇప్పుడు అసలు పాఠం. పట్టికను ముందు A ప్రకారం, ఆ తర్వాత F ప్రకారం సార్ట్ చేయండి. ఏ బ్యాచ్ ముందు వచ్చిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, ఏది ముందు తీరిపోతుందన్నదే లెక్క. కింది ఉదాహరణలో చివర వచ్చిన బ్యాచే ముందు బయటికి వెళ్లాలి.

తేదీ 2026 మే 10. అమ్లోడిపిన్ 5, పది మాత్రల స్ట్రిప్పులు. అరలో ముందునుంచీ ఉన్న K71 బ్యాచ్‌లో 40 స్ట్రిప్పులు, గడువు జులై 2026. పోయిన వారం వచ్చిన K88 లో 12, గడువు మే 2026. K93 లో 100, గడువు ఫిబ్రవరి 2027. రోజుకు సగటున అర స్ట్రిప్పు పోతుంది, నెలకు పదిహేను. సార్ట్ చేస్తే K88 కి 21 రోజులు, K71 కి 82, K93 కి 294.

చాలామంది ఒక్కో బ్యాచ్‌ను విడిగా లెక్కేస్తారు. K71 ని చూస్తే 82 రోజుల్లో 41 స్ట్రిప్పులు పోతాయి, ఉన్నవి 40, కాబట్టి టెన్షన్ లేదనిపిస్తుంది. కానీ ముందు 21 రోజులు కౌంటర్ మీదకు K71 రాదు, K88 వస్తుంది. K71 కి మిగిలేది 61 రోజులే. అందులో పోయేవి ముప్పై, ముప్పై ఒకటి. దాదాపు పది స్ట్రిప్పులు జులై 31 తర్వాత చేతిలో మిగిలిపోతాయి. K88 లోనూ ఒకటో రెండో మిగులుతాయి. ముందు బ్యాచ్ తినేసిన రోజులను వెనక బ్యాచ్ లెక్కలోంచి తీసేయాలి. H లో రోజు వాడకం (ఇక్కడ 0.5) రాసి ఈ రెండూ పెట్టండి:

```
I2: =MIN(IF(A2=A1,I1,0)+E2,H2*G2)
J2: =E2-(I2-IF(A2=A1,I1,0))
```

I అంటే ఆ బ్యాచ్ ఆఖరు తేదీ దాకా ఆ మందు మొత్తంగా ఎంత పోతుందన్నది. J అంటే ఈ బ్యాచ్‌లో మిగిలిపోయేది. మన ఉదాహరణను సరిచూసుకోవడానికి G లో TODAY() బదులు DATE(2026,5,10) పెడితే, J లో వరుసగా 1.5, 9.5, 0 రావాలి. రాకపోతే సార్ట్ చేయడం మరిచిపోయారని అర్థం. గడువు తీరిన వరుసలను ముందే వేరే షీటుకు మార్చేయండి, G లో మైనస్ ఉంటే ఈ లెక్క చెడుతుంది.

తొంభై రోజుల్లో తీరేవాటి జాబితా మీలో చాలామంది పెట్టుకున్నారు. అది ఉంచుకోండి. నేను మాత్రం ఉదయాన్నే చూసేది దీన్ని:

```
=SORT(FILTER(A2:J200,(J2:J200>0)*(G2:G200>=0)),6,1)
```

నెమ్మదిగా కదిలే మందు ఏడు నెలల ముందే ఇందులో కనిపిస్తుంది, సరఫరాదారుడితో వాపసు గురించి మాట్లాడటానికి వ్యవధి ఉంటుంది. తొంభై రోజుల జాబితాలోకి వచ్చేసరికి ఆ అవకాశం దాటిపోవచ్చు.

కౌంటర్ దగ్గర ఒక జాగ్రత్త. రోజుకో మాత్ర వేసుకునే ఆయన ముప్పై రోజులకు మూడు స్ట్రిప్పులు అడిగాడు. K88 లోంచి మూడూ తీయకండి, మూడో స్ట్రిప్పు వాడే రోజులకు గడువు దాటుతుంది. రెండు K88, ఒకటి K71. బిల్లులో రెండు బ్యాచ్ నంబర్లూ వేసి, K88 స్ట్రిప్పుల మీద పెన్నుతో "ముందు ఇవి" అని రాసిస్తాను.

ఇక్కడినుంచే అభ్యాసం. ఈసారిది కష్టమే. పది రోజుల స్ట్రిప్పును మే 31న అమ్మలేం కదా. K నిలువు వరుసలో ఒక ప్యాకెట్ ఎన్ని రోజులు వస్తుందో (ఇక్కడ 10) రాసి, I ఫార్ములాలో G2 ఉన్నచోట ఆ రోజులు తగ్గించండి. ఫలితం సున్నా కంటే కిందికి పోకుండా MAX వాడండి. J లో K88 బ్యాచ్ దగ్గర 6.5, K71 బ్యాచ్ దగ్గర 9.5 రావాలి. K88 మిగులు ఒకటిన్నర నుంచి ఆరున్నరకు ఎందుకు పెరిగిందో, K71 మిగులు ఎందుకు కదల్లేదో కాగితం మీద రాసి చూసుకోండి. పై పాఠంలో రేటు రోజుకు ఒకటైతే ఏమవుతుందో కూడా చూడండి. వచ్చే పాఠంలో మూత తీశాక గడువు మారిపోయే చుక్కల మందులు, పొడి సిరప్‌లు పట్టికలో ఎలా పెట్టాలో చూద్దాం.